మీకు తెలుసా? అమ్మిన గేమ్ ఐడీ వారంలోనే పాత యజమాని చేతికి తిరిగి వెళ్లగలదు

టెక్కలి, పలాస నుంచి ఉద్దానం తీరం వరకు చాలా ఇళ్లలో తండ్రి చేపల వేటకు గుజరాత్‌లోని వేరావల్‌కో, కూలి పనికి చెన్నైకో వెళ్లి ఉంటాడు. ఆయన పంపే డబ్బు తల్లి ఖాతాలో పడుతుంది. ఆ ఖాతాకు ముడిపడిన ఫోన్ సాయంత్రమయ్యేసరికి తొమ్మిదో తరగతో, ఇంటరో చదివే కొడుకు చేతిలో ఉంటుంది. అందులో ఫ్రీ ఫైర్ మ్యాక్సో, బీజీఎంఐయో నడుస్తుంటుంది. ‘ఫ్రీ డైమండ్లు’, ‘ఐడీ అమ్మబడును’ అనే మెసేజ్‌లు వచ్చేది ఆ ఫోన్‌కే. గుంటలకు ‘జాగ్రత్త’ అని చెబితే సరిపోదు. మోసం లోపల ఎలా నడుస్తుందో చూపిస్తే తర్వాత వాళ్లే పట్టేస్తారు.

డైమండ్లు ఫోన్‌లో ఉండవని తెలుసా?

ఆటలో తెర పైభాగాన కనిపించే డైమండ్ల సంఖ్య ఫోన్‌లో దాచినది కాదు. అది ఆట నడిపే కంపెనీ సర్వర్‌లో రాసి ఉన్న లెక్క. ఫోన్ ఆ లెక్కను అడిగి తెచ్చి చూపిస్తుంది, అంతే. బీజీఎంఐలో యూసీ, రోబ్లాక్స్‌లో రోబక్స్ కూడా ఇలాంటివే. ఫోన్ పగిలిపోయి కొత్తది కొన్నా, అదే అకౌంట్‌తో లాగిన్ అయితే డైమండ్లు తగ్గకుండా కనిపిస్తాయి. ఫోన్‌లో ఉన్నవైతే పాత ఫోన్‌తో పాటే పోవాలి కదా అని అడగండి. పిల్లలకు విషయం వెంటనే అర్థమవుతుంది.

అంటే ‘డైమండ్ జనరేటర్’ అనే యాప్ గానీ, వెబ్‌సైట్ గానీ ఒక్క డైమండ్‌నైనా పుట్టించలేదు. కంపెనీ సర్వర్‌లోని అంకెను బయటివాడు మార్చలేడు. మరి అలాంటి సైటులో గిర్రున పెరిగే అంకె ఏమిటి? అది ఆ పేజీలో గీసిన బొమ్మ. పక్కనే ‘నాకు పదివేలు వచ్చాయి’ అని పరుగెత్తే చాట్ కూడా ముందే రాసి పెట్టినదే. పేజీ మళ్లీ తెరిస్తే అవే పేర్లు, అవే మాటలు వస్తాయి. ఎక్కడా లేని ఆటగాడి పేరు కొట్టినా ‘మీ అకౌంట్ దొరికింది’ అంటుంది. ఇది తెలుసుకోవడానికి అలాంటి పేజీ తెరవనక్కర్లేదు. అంకె ఎక్కడ ఉంటుందో తెలిస్తే చాలు.

అసలు ఫ్రీ కోడ్లు కూడా ఉన్నాయని తెలుసా?

ఇక్కడే పెద్దవాళ్లు తప్పటడుగు వేస్తారు. ‘ఫ్రీ అన్నదంతా మోసమే’ అంటారు. పిల్లాడికి మాత్రం నిజంగా ఫ్రీగా వచ్చిన వస్తువు తెలుసు. దాంతో పెద్దవాళ్ల మాట మీద నమ్మకం పోతుంది. ఫ్రీ ఫైర్‌ను నడిపే గరీనా అప్పుడప్పుడు రిడీమ్ కోడ్లు విడుదల చేస్తుంది. అవి అక్షరాలూ అంకెలూ కలిసిన కోడ్లు. వాటిని వాడాల్సిన చోటు ఒకటే: `reward.ff.garena.com`. గెస్ట్ అకౌంట్‌తో అక్కడ పని జరగదు. ఫేస్‌బుక్, గూగుల్ వంటి వాటితో కలిపిన అకౌంటే కావాలి. బహుమతి ఆటలోని మెయిల్‌బాక్స్‌కే వస్తుంది. కోడ్‌కు గడువు ఉంటుంది, అది దాటితే చెల్లదు.

అసలుది ఇంత స్పష్టంగా ఉంది కాబట్టే నకిలీ కూడా దాన్నే అనుకరిస్తుంది. అదే రంగులు, అదే బొమ్మలు, అదే ‘ఫేస్‌బుక్‌తో లాగిన్ అవ్వండి’ అనే మీట. తేడా రంగులో ఉండదు, చిరునామాలో ఉంటుంది.

మన దేశంలో దీనికి ఇంకో చిక్కు తోడైంది. 2022 ఫిబ్రవరి 14న ప్రభుత్వం ఫ్రీ ఫైర్‌ను నిషేధించింది, ఫ్రీ ఫైర్ మ్యాక్స్ మాత్రం మిగిలింది. 2023 సెప్టెంబర్ 5న ‘ఫ్రీ ఫైర్ ఇండియా’ వస్తుందని ప్రకటించి, తర్వాత వాయిదా వేశారు. బీజీఎంఐ కూడా 2022 జూలైలో స్టోర్ల నుంచి మాయమై 2023 మే చివర్లో తిరిగొచ్చింది. కావలసిన ఆట స్టోర్‌లో దొరకనప్పుడల్లా ‘ఏపీకే లింక్ ఇదిగో’ అనేవాడు తయారవుతాడు. స్టోర్ బయట దించుకున్న యాప్ మెసేజ్‌లు చదివే అనుమతి అడిగి తీసుకుంటే, బ్యాంకు నుంచి తల్లి నంబరుకు వచ్చే ఓటీపీ కూడా దాని కంట్లో పడుతుంది. కాబట్టి ఆట యాప్ మెసేజ్‌లు చదవాలని అడిగితే అక్కడే తీసేయాలి. ఆట ఆడటానికి ఎస్సెమ్మెస్‌లతో పని లేదు.

లింకును ఎక్కడి నుంచి చదవాలో తెలుసా?

వెబ్ చిరునామాలో మొదటి మాట చూసి మోసపోతాం. అసలు యజమాని పేరు చివర ఉంటుంది. ఈ రెండూ చూడండి:

```
reward.ff.garena.com/
reward.ff.garena.com-gift.example/
```

రెండూ ఒకేలా మొదలవుతాయి. చదవాల్సిన పద్ధతి ఇది: `https://` తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత దగ్గర ఆగండి. అక్కడి నుంచి ఎడమకు రండి. ఇలాంటి చిరునామాల్లో చివరి రెండు ముక్కలే యజమాని. మొదటి దానిలో అవి `garena.com`. రెండో దానిలో `com-gift.example`. అంటే రెండోది గరీనాది కాదు, ‘కామ్-గిఫ్ట్’ అనే పేరు కొనుక్కున్న ఎవరిదో. ముందున్న మాటలన్నీ వాడు ఇష్టం వచ్చినట్టు పెట్టుకున్నవి. (`.example` నిజమైన సైటు కాదు, ఇలాంటి ఉదాహరణల కోసమే కేటాయించిన పేరు.)

లాగిన్ పేజీకీ ఇదే సూత్రం. ఫేస్‌బుక్ పాస్‌వర్డ్ అడిగే పేజీ చిరునామా `facebook.com` అయి ఉండాలి, గూగుల్ పాస్‌వర్డ్ అడిగేది `accounts.google.com` అయి ఉండాలి. ఇక్కడ ఒక పరిమితి ఉంది. ఆట లోపలో, వేరే యాప్ లోపలో తెరుచుకునే కిటికీలో చిరునామా పూర్తిగా కనబడకపోవచ్చు. చిరునామా కనబడని చోట పాస్‌వర్డ్ కొట్టకూడదు. ఇంకో గుర్తు: ఫోన్‌లో గూగుల్ అకౌంట్ ముందే ఉంటే, అసలు పేజీ చాలాసార్లు ‘ఈ అకౌంట్‌తో కొనసాగాలా?’ అని మాత్రమే అడుగుతుంది. ఉన్నట్టుండి పాస్‌వర్డ్ కొట్టమంటే అనుమానించాలి.

ఇచ్చేవాడికి పాస్‌వర్డ్ అక్కర్లేదని తెలుసా?

మనియార్డరు తెచ్చే పోస్టుమాన్‌కు ఇంటి చిరునామా చాలు, బీరువా తాళం అడగడు. ఆటలో కూడా అంతే. ప్రతి ఆటగాడికీ అంకెలతో ఒక ప్లేయర్ ఐడీ ఉంటుంది. టాప్-అప్ చేసే అసలైన చోట్ల ఆ అంకెలు కొడితే చాలు, డైమండ్లు ఆ అకౌంట్‌లో పడతాయి. ప్లేయర్ ఐడీతో ఎవరూ మీ అకౌంట్‌లోకి రాలేరు.

కాబట్టి పిల్లలకు నేర్పాల్సిన మొదటి ప్రశ్న ‘ఇది నిజమా, అబద్ధమా?’ కాదు. దానికి జవాబు దొరకడం కష్టం. ‘ఇవ్వడానికి అవసరం లేనిది ఏదైనా అడుగుతున్నాడా?’ అన్నది ప్రశ్న. పాస్‌వర్డ్, ఓటీపీ, ముందు కట్టాల్సిన ఫీజు, ఏపీకే, స్క్రీన్ షేరింగ్: వీటిలో ఏ ఒక్కటి అడిగినా వాడు తీసుకోవడానికి వచ్చినవాడే.

‘మీరు మనిషేనని నిరూపించండి’ అంటూ రెండు యాప్‌లు దించుకోమనే పేజీలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. ఒక్కో యాప్ దించుకున్నందుకు, ఒక్కో సర్వే నింపినందుకు ఆ పేజీ నడిపేవాడికి కమిషన్ వస్తుంది. అందుకే మొదటిది పూర్తయ్యాక రెండోది, తర్వాత మూడోది వస్తుంది. డైమండ్లు మాత్రం రావు. పిల్లాడు డబ్బు కట్టకపోయినా వాడికి సంపాదించి పెట్టినట్టే.

ఐడీ కొన్నవాడికి ఐడీ దక్కదని తెలుసా?

ఇక అసలు సంగతికి వద్దాం. సంతబొమ్మాళి మండలం మూలపేట నుంచి టెక్కలి కాలేజీకి వెళ్లే ఒక కుర్రాడున్నాడనుకుందాం. టెలిగ్రామ్ గ్రూపులో ఒక ఫ్రీ ఫైర్ మ్యాక్స్ ఐడీ అమ్మకానికి కనిపించింది. పాత ఈవెంట్లలో వచ్చిన బట్టలు, తుపాకీ స్కిన్లు అందులో ఉన్నాయి. ధర మూడు వేలు. నమ్మకం కోసం మధ్యవర్తిగా ‘ట్రస్టెడ్ అడ్మిన్’ ఒకడున్నాడు. ఇంతకు ముందు కొన్నవాళ్లు ‘సూపర్ భయ్యా’ అని పెట్టిన స్క్రీన్‌షాట్లు ఇరవై దాకా ఉన్నాయి.

చాలాసార్లు ఇక్కడే కథ ముగుస్తుంది. అమ్మేవాడూ, అడ్మినూ, మెచ్చుకున్నవాళ్లూ ఒకే మనిషి అయి ఉంటారు. డబ్బు పడగానే కుర్రాడిని గ్రూపులోంచి బ్లాక్ చేస్తారు. అదృష్టం బాగుండి జీమెయిలూ పాస్‌వర్డూ నిజంగానే ఇచ్చారనుకుందాం. మనవాడు తెలివైనవాడు. వెంటనే పాస్‌వర్డ్ మార్చాడు, రికవరీ ఫోన్ నంబరు తీసేసి తనది పెట్టాడు. ఇక ఐడీ తనదే అనుకున్నాడు.

కానీ గూగుల్‌లో రికవరీ ఫోన్ నంబరో, ఈమెయిలో మార్చినా, మరో 7 రోజుల పాటు పాత నంబరుకు, పాత ఈమెయిల్‌కు కోడ్ పంపే అవకాశం ఉంటుంది. అకౌంట్ దొంగల పాలైతే అసలు యజమాని వెనక్కి తెచ్చుకోవాలని పెట్టిన ఏర్పాటు ఇది. ఇక్కడ గూగుల్ దృష్టిలో అసలు యజమాని ఎవరు? అమ్మినవాడే. అతను మూడో రోజు ‘పాస్‌వర్డ్ మరచిపోయాను’ అని నొక్కి, పాత నంబరుకు వచ్చిన కోడ్‌తో లోపలికి వస్తాడు. కుర్రాడి ఫోన్‌లో ఆట లాగౌట్ అయిపోతుంది. అదే ఐడీ మళ్లీ గ్రూపులో అమ్మకానికి వస్తుంది.

ఏడు రోజులు గడిచాయి కదా, ఇక భయం లేదంటారా? అమ్మినవాడు ఆ అకౌంట్ తన పాత ఫోన్‌లో లాగిన్ చేసి ఉంచి ఉండొచ్చు. బ్యాకప్ కోడ్లు రాసిపెట్టుకుని ఉండొచ్చు. అసలు అది ఇంకెవరి దగ్గరో కొట్టేసిన ఐడీ అయితే, ఆ మూడో మనిషి ఫిర్యాదు చేసి వెనక్కి తెచ్చుకుంటాడు. అకౌంట్ అమ్మకం, కొనుగోలు ఆట కంపెనీల నిబంధనలకు విరుద్ధం, దొరికితే బ్యాన్ చేస్తారు. కంపెనీకి చెప్పుకుందామంటే ‘నేను నిబంధన తప్పాను’ అని ఒప్పుకున్నట్టవుతుంది. పైగా 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మైనరు చేసుకున్న ఒప్పందానికి విలువ లేదు. ఇన్ని దారుల్లో ఏ ఒక్కటి తెరిచి ఉన్నా ఐడీ పోయినట్టే. కొన్నవాడి చేతిలో వాటిని మూసే తాళం లేదు.

అమ్మిన పిల్లాడి వల్ల అమ్మ ఖాతా ఆగిపోగలదని తెలుసా?

కొంటే నష్టం, అమ్మితే లాభమేగా అనుకునే పిల్లలు చాలామంది. అమ్మకంలో మూడు రకాలుగా దెబ్బ తగులుతుంది.

మొదటిది, ‘డబ్బు పంపాను’ అని నకిలీ స్క్రీన్‌షాట్. దీనికి మందు సులువు. బ్యాంకు యాప్ తెరిచి నిల్వ చూడాలి, స్క్రీన్‌షాట్‌ను లెక్కలోకి తీసుకోకూడదు.

రెండోది, ‘ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టు, డబ్బు నీ ఖాతాలో పడుతుంది’ అనడం. యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ కొట్టే పని ఎప్పుడూ ఉండదు. పిన్ కొట్టామంటే మన డబ్బు వెళ్తున్నట్టే. వ్యక్తుల మధ్య ‘కలెక్ట్ రిక్వెస్టు’లను ఎన్‌పీసీఐ 2025 అక్టోబర్ 1 నుంచి ఆపేసింది. క్యూఆర్ పేరుతో జరిగే మోసానికి మాత్రం దాంతో సంబంధం లేదు.

మూడోది పెద్దది, పిల్లలకు ఎవరూ చెప్పనిది. డబ్బు నిజంగానే వస్తుంది. కానీ అది వేరొకరి దగ్గర మోసం చేసి తీసిన డబ్బు. ఆ మూడో మనిషి 1930కి ఫోన్ చేస్తే, డబ్బు ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు వెళ్లిందో బ్యాంకులు వెంబడిస్తాయి. ఆ దారిలో ఉన్న ఖాతాల్లో సొమ్మును నిలిపివేస్తాయి, ఒక్కోసారి ఖాతానే స్తంభింపజేస్తాయి. మూడు వేల ఐడీ అమ్మకం కోసం తల్లి యూపీఐ ఇస్తే, వేరావల్ నుంచి తండ్రి పంపిన డబ్బు కూడా ఆ ఖాతాలోనే చిక్కుకుపోవచ్చు. వేరే రాష్ట్ర పోలీసుల దగ్గర నమోదైన ఫిర్యాదు అయితే దాన్ని విడిపించుకోవడానికి తిరగాల్సిన తిరుగుడు అంతా ఇంతా కాదు.

ఆట నుంచి కుటుంబ ఖాతా ఎంత దగ్గరో తెలియాలంటే హైదరాబాద్ సంఘటన చూడండి. 2022లో అంబర్‌పేటకు చెందిన 16 ఏళ్ల అబ్బాయి ఫ్రీ ఫైర్ కోసం తల్లి ఖాతాల నుంచి సుమారు 36 లక్షల రూపాయలు ఖర్చు చేసినట్టు పత్రికల్లో వచ్చింది. అక్కడ మోసగాడు లేడు, ఆట కొనుగోళ్లు మాత్రమే. మోసగాడు లేకుండానే అంత పోయిందంటే, ఉంటే ఏమవుతుందో ఊహించవచ్చు. అందుకే ఆట ఆడే ఫోన్‌లో బ్యాంకు యాప్ ఉండకపోవడం మేలు. ఒకే ఫోన్ ఉన్న ఇంట్లో కనీసం యూపీఐ పిన్ పిల్లలకు తెలియకూడదు.

ఆలస్యమే మందు అని ఒక గేమ్ కంపెనీ గ్రహించిందని తెలుసా?

అమెరికాలో స్టీమ్ అనే గేమ్ వేదికను నడిపే వాల్వ్ కంపెనీ 2015 డిసెంబర్‌లో ఒక అంకె బయటపెట్టింది. నెలకు సుమారు 77,000 అకౌంట్లు దొంగల చేతుల్లోకి వెళ్లి, వాటిలోని వస్తువులు దోపిడీ అవుతున్నాయని చెప్పింది. పోయినవాళ్లంతా అమాయకులేం కాదు, ఆటలో ఆరితేరినవాళ్లూ ఉన్నారు. కంపెనీ వేసిన మందు ఏమిటంటే, ఫోన్‌లో అదనపు భద్రతా కోడ్ పెట్టుకోని వాళ్ల వస్తు మార్పిడిని మూడు రోజుల దాకా ఆపి ఉంచడం. ఆ వ్యవధిలో యజమానికి సంగతి తెలిసి, మార్పిడిని రద్దు చేసుకోగలడు.

మోసగాడు ‘పది నిమిషాల్లో ఆఫర్ అయిపోతుంది’ అని తొందరపెట్టేది ఇందుకే. ఆలోచించే వ్యవధి ఇస్తే పని చెడుతుంది. ఇంట్లో కూడా ఇదే నియమం పెట్టుకోవచ్చు: ఆటకు సంబంధించి డబ్బుతో, పాస్‌వర్డ్‌తో ముడిపడిన ఏ పనైనా మర్నాడు పొద్దున్నే. నిజమైన ఆఫర్ ఒకటి అప్పుడప్పుడు చేజారవచ్చు. ఆ మాట పిల్లలకు ముందే చెప్పాలి, లేకపోతే నియమం మీదే కోపం వస్తుంది.

మోసగాడి వేషం వేయిస్తే బాగా నేర్చుకుంటారని తెలుసా?

తరగతిలో ఉపన్యాసం కంటే ఈ ఆట నయం. పిల్లల్ని ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టండి. ఒకరు ఐడీ అమ్మేవాడు, ఒకరు కొనేవాడు. అమ్మేవాడి పని ఎదుటివాడి చేత పాస్‌వర్డో, అడ్వాన్సో ఇప్పించడం. మాటలన్నీ కాగితం మీద చాట్‌లా రాయాలి, ఫోన్లు వాడకూడదు, అసలు పాస్‌వర్డ్‌లు రాయకూడదు. పావుగంట తర్వాత ఆ చాట్‌ను తరగతికి చదివి వినిపించి, అవసరం లేనిది అడిగిన చోట ఎర్ర సిరాతో గీత గీయమనండి. తొందరపెట్టిన మాట కింద ఇంకో గీత. రెండు మూడు చాట్లు చూసేసరికి గీతలన్నీ ఒకే రకం చోట్ల పడటం వాళ్లకే కనిపిస్తుంది.

ఈ పద్ధతికి దొరకని మోసం ఒకటుంది. స్నేహితుడి అకౌంట్‌ను కొట్టేసి, అతని పేరుతోనే ‘ఒరే, ఈ లింకులో నాకు ఓటెయ్’ అని పంపడం. పేరు తెలిసినదే, మాట తీరూ తెలిసినదే. దీనికి ఒకటే దారి: ఆ స్నేహితుడికి ఫోన్ చేసి గొంతు విని అడగడం.

పోయాక ముందు ఏది మార్చాలో తెలుసా?

డబ్బు పోతే మొదటి పని 1930కి ఫోన్. ఎంత తొందరగా చేస్తే, ఆ సొమ్ము ఇంకో ఖాతాకు దాటకముందే నిలిపే అవకాశం అంత ఎక్కువ. చేతిలో ఉండాల్సింది యూపీఐ లావాదేవీ 12 అంకెల నంబరు, తేదీ, సమయం. ఆ తర్వాత `cybercrime.gov.in`లో ఫిర్యాదు నమోదు చేయాలి. చాట్‌లు తుడిచేయకూడదు, స్క్రీన్‌షాట్లు తీసి ఉంచాలి.

అకౌంట్ పోతే ముందు ఆట పాస్‌వర్డ్ కాదు, ఆ ఆటకు కలిపిన ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చాలి. ఈమెయిల్ మోసగాడి చేతిలో ఉంటే మిగతావన్నీ వాడే మళ్లీ మార్చుకుంటాడు. ఈమెయిల్‌లో తెలియని పరికరాలన్నిటినీ లాగౌట్ చేసి, రెండంచెల భద్రత పెట్టాలి. ఆ తర్వాత ఫేస్‌బుక్, చివర ఆట. తెలియని ఏపీకే వేసి ఉంటే అది ఉన్న ఫోన్‌లో ఈ మార్పులు చేయకూడదు. ముందు ఇంటర్నెట్ ఆపి యాప్ తీసేసి, మార్పులు వేరే ఫోన్ నుంచి చేయాలి. ‘మీ ఐడీ తిరిగి తెచ్చిపెడతా, ఐదొందలు ఇవ్వు’ అని వచ్చే ‘హ్యాకర్ అన్న’ రెండో మోసగాడు.

ఇవన్నీ జరగాలంటే పిల్లాడు ఆ గంటలోనే ఇంట్లో చెప్పాలి. తిడతారని భయపడి రెండు రోజులు దాచితే 1930 కూడా పెద్దగా చేయగలిగింది ఉండదు. కాబట్టి అమ్మానాన్నలకు ఒక మాట: ‘పోతే ముందు నాకు చెప్పు, తిట్టను’ అని ఈ రోజే చెప్పండి. చెప్పిన రోజున నిజంగానే తిట్టకండి.